వెనక గోడ మీద క్యాలెండర్: క్రాప్ చేయాలా, ప్యాచ్ వేయాలా? ఒక్క షాట్ దగ్గరే ఆగిపోయాను

వంశీ_ఎడిట్స్
పొద్దున్నుంచి ఒక్క షాట్ దగ్గరే కూర్చున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. షార్ట్ ఫిలిం. అమ్మాయి మంచం మీద కూర్చుని నాన్నతో మాట్లాడుతుంది. వెనక గోడకి చిట్‌ఫండ్ కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. కింద పెద్ద అక్షరాలతో పేరు, లోగో. చూసేవాళ్ల కళ్లు అమ్మాయి మొహం వదిలేసి తిన్నగా అక్కడికే పోతున్నాయి.

ముందు జూమ్ చేసి పక్కకి జరిపాను. క్యాలెండర్ పోయింది, కానీ బొమ్మ మసకబారింది. తర్వాత ఖాళీ గోడ ముక్క ఒకటి ఫ్రీజ్ చేసి క్యాలెండర్ మీద కప్పి అంచులు మెత్తగా చేశాను. రంగు బాగా కలిసింది, ఆపి చూస్తే ఏమీ తెలియదు. ప్లే చేస్తే మాత్రం అక్కడ ఏదో పెట్టె ఉన్నట్టు తెలిసిపోతోంది. ఎందుకో అర్థం కావడం లేదు. కెమెరా ట్రైపాడ్ మీదే ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఎల్లుండి పంపాలి.

నాని24
క్యాలెండర్ తీసేసి షూట్ చేయాల్సింది. రీషూట్ చేసుకో.

వంశీ_ఎడిట్స్
ఇల్లు మళ్లీ దొరకదు అన్నా. అమ్మాయి కూడా ఊళ్లో లేదు.

కెమెరా బాషా
ఏంటి బ్రో దీనికే ఇంత టెన్షనా. 4కే లోనే తీసుంటారు కదా. 1080 టైమ్‌లైన్‌లో వేసి 200 శాతం వరకు హాయిగా జూమ్ చేసుకో, ఒక్క పిక్సెల్ కూడా పోదు. ప్యాచ్ జోలికి పోకు. లోగో మాత్రం ఉంచొద్దు, సినిమాలో కంపెనీ లోగో కనిపిస్తే వాళ్లు కేసు వేస్తారు. అందుకే టీవీలో అన్నీ బ్లర్ చేస్తారు.

మూర్తి అడ్వకేట్
బాషా గారూ, ఈ మాట ప్రతి చోటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. లోగో తెర మీద కనిపించినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన అయిపోదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో సెక్షన్ 29 చదవండి. వ్యాపారంలో భాగంగా ఆ గుర్తును వాడుకోవడం గురించే అది మాట్లాడుతుంది. ఒక పాత్ర ఇంట్లో గోడకి క్యాలెండర్ ఉంటే మీరు ఆ పేరుతో చిట్టీలు కట్టించుకుంటున్నట్టు కాదు కదా. ఇక క్యాలెండర్ మీది దేవుడి బొమ్మ అంటారా, అది కాపీరైట్ విషయం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(యు) ప్రకారం ఒక చిత్రకళా వస్తువు సినిమాలో కేవలం నేపథ్యంగా, ప్రధాన విషయానికి ఆనుషంగికంగా కనిపిస్తే ఉల్లంఘన కాదు. ఆ కంపెనీని మోసగాళ్లుగా చూపిస్తే మాత్రం కథ వేరు, అప్పుడు పరువునష్టం వస్తుంది. టీవీ వాళ్లు బ్లర్ చేయడానికి చాలాసార్లు కారణం చట్టం కాదు, ప్రకటనల లెక్కలు.

కెమెరా బాషా
సార్, లీగల్ నోటీసు వచ్చాక సెక్షన్లు చదువుతూ కూర్చోలేం కదా. ముందే తీసేస్తే గొడవ ఉండదు.

పద్మజ_డీఐ
కేసుల సంగతి పక్కన పెడదాం, అతని సమస్య అది కాదు. వంశీ, కొన్ని అడుగుతాను, అన్నిటికీ జవాబు రాయండి. ఏ సాఫ్ట్‌వేర్? క్లిప్ రిజల్యూషన్ ఎంత, టైమ్‌లైన్ ఎంత? షాట్ మొత్తం ఎన్ని సెకన్లు? అమ్మాయి ఎక్కడైనా క్యాలెండర్ ముందు నుంచి వెళ్తుందా? షాట్ చివరిదాకా కెమెరా కదలదా? ఇంకొకటి, గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందా?

వంశీ_ఎడిట్స్
ప్రీమియర్. క్లిప్ 3840x2160, టైమ్‌లైన్ 1920x1080, 25 ఫ్రేములు, షట్టర్ 1/50. షాట్ 14 సెకన్లు. 11 సెకన్ల దాకా కదలిక లేదు. ఆ తర్వాత అమ్మాయి లేచి కుడి పక్కకి వెళ్తుంది, కెమెరా ఆమెతో పాటు ప్యాన్ అవుతుంది. అప్పుడు తల క్యాలెండర్ ఎడమ అంచు మీదుగా పోతుంది. ఫ్యాన్ తిరుగుతోంది మేడం, మే నెల కదా. ఫ్యాన్‌కీ దీనికీ ఏంటి సంబంధం?

పద్మజ_డీఐ
మీకు కనిపిస్తున్న పెట్టె అదే. కిటికీ వెలుగు గానీ లైటు గానీ ఫ్యాన్ రెక్కల మీదుగా పడితే గోడంతా చాలా సన్నగా మినుకుమంటూ ఉంటుంది. మామూలుగా చూస్తే కన్ను దాన్ని పట్టించుకోదు. కానీ గోడంతా మినుకుతూ ఒక చదరం మాత్రం కదలకుండా ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. మీది ఫ్రీజ్ చేసిన ముక్క కాబట్టి ఆ మినుకు దానిలో లేదు. దానికి తోడు కెమెరా నాయిస్ కూడా అందులో గడ్డకట్టుకుపోయింది, చుట్టూ గోడ మీద మాత్రం ఆడుతోంది. అందుకే ఆపితే తెలియదు, ప్లే చేస్తే తెలుస్తుంది. రంగు ఎంత కలిపినా ఈ తేడా పోదు.

పరీక్ష సులువు. పైన ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచి ప్లే చేయండి. ప్యాచ్ చదరం బొమ్మలో ఎక్కడ ఉందో చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. చూశాక ఆ లేయర్ తీసేయండి.

ఆ ముక్క గోడ మీద ఎక్కడి నుంచి తీసుకున్నారు?

వంశీ_ఎడిట్స్
క్యాలెండర్‌కి ఎడమ పక్క నుంచి. కిటికీ ఎడమ వైపే ఉంది. అందుకే మొదట తెల్లగా కనిపిస్తే కర్వ్స్‌తో తగ్గించాను. కాంట్రాస్ట్ పెంచి చూశాను మేడం, మీరన్నట్టే ఉంది. గోడంతా ఊపిరి పీలుస్తున్నట్టుంది, ప్యాచ్ మాత్రం రాయిలా ఉంది.

పద్మజ_డీఐ
వెలుగు పక్క నుంచి వస్తున్నప్పుడు ముక్కని పక్క నుంచి తీసుకోకూడదు, పైనుంచో కింద నుంచో తీసుకోవాలి. కిటికీకి ఒకే దూరంలో ఉన్న గోడ ఒకే వెలుగులో ఉంటుంది, కర్వ్స్ పని దాదాపు ఉండదు. ఫ్రీజ్ కూడా చేయకండి. అదే క్లిప్‌ని పై ట్రాక్‌లో ఇంకో కాపీ పెట్టి, క్యాలెండర్ ఉన్నచోట మాస్క్ గీసి, లోపలి బొమ్మని పైకో కిందికో జరపండి. అప్పుడు ప్యాచ్ కూడా అదే క్షణం నాటి గోడే అవుతుంది, నాయిసూ మినుకూ రెండూ దానితోపాటే వస్తాయి. రెక్క నీడ కొంచెం ముందో వెనకో పడుతుంది, అంచు బాగా మెత్తగా ఉంటే అది కనిపించదు.

అయితే మీ మొదటి 11 సెకన్లకి ఇదేమీ అక్కర్లేదు. అక్కడ క్రాప్ చాలు. మసకబారడానికి కారణం వేరే ఉందని నా అనుమానం. క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి `Scale to Frame Size` పెట్టారా?

వంశీ_ఎడిట్స్
అవును, క్లిప్ తెర దాటి పెద్దగా వస్తోందని అన్నిటికీ అదే పెట్టాను. అది పెడితేనే సరిపోతుంది కదా?

పద్మజ_డీఐ
అది పెడితే ప్రీమియర్ మీ 4కే బొమ్మని ముందే 1080కి కుదించేస్తుంది. ఆ తర్వాత మీరు జూమ్ చేసేది కుదించిన బొమ్మని. మిగులు పిక్సెళ్లు ఉండీ లేనట్టే. దాన్ని తీసేసి `Set to Frame Size` పెట్టండి. బొమ్మ తెర మీద అంతే కనిపిస్తుంది, కానీ `Scale` దగ్గర 100కి బదులు 50 చూపిస్తుంది. అంటే అసలు పిక్సెళ్లు భద్రంగా ఉన్నాయన్నమాట. 50 నుంచి 100 దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క. అసలు క్లిప్‌లో క్యాలెండర్ ఎడమ అంచు ఎక్కడ మొదలవుతుంది? మీరు ఒక ఫ్రేము స్టిల్‌గా తీసి కొలిచి చెప్పండి. అమ్మాయి మొహం ఎక్కడుందో కూడా.

శిరీష వంటిల్లు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇదే సమస్య. వంట వీడియోలో నూనె ప్యాకెట్ చేత్తో పట్టుకుని పోస్తాను, ప్యాకెట్ మీద కంపెనీ పేరు ఉంటుంది. నేను పైనుంచి ఫోన్‌తో తీస్తాను. క్రాప్ చేస్తే బాణలి కూడా పోతోంది. ఏం చేయాలి?

నాని24
నూనె సీసాలో పోసుకోండి. అందులోంచి పోయండి.

శిరీష వంటిల్లు
ఇకమీద అలాగే చేస్తానండి. ఇప్పటికే తీసిన వీడియోల సంగతే అడుగుతున్నాను.

వంశీ_ఎడిట్స్
కొలిచాను. క్యాలెండర్ ఎడమ అంచు 2950 దగ్గర, కుడి అంచు 3500. అమ్మాయి మొహం మధ్యభాగం సుమారు 1500. `Set to Frame Size` పెట్టాక బొమ్మ నిజంగానే షార్ప్‌గా ఉంది!! ఇన్నాళ్లూ ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

పద్మజ_డీఐ
బాగుంది. క్యాలెండర్ 2950 దగ్గర మొదలైతే మనకి ఎడమ అంచు నుంచి సుమారు 2900 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది. `Scale` 66 పెడితే తెర మీద పట్టేది 2909. అంటే క్యాలెండర్ తెర బయట ఉంటుంది, కాస్త సందు కూడా మిగులుతుంది. `Position` మొదటి అంకె 1267 పెడితే బొమ్మ ఎడమ అంచు తెర ఎడమ అంచుకి సరిగ్గా తగులుతుంది. రెండో అంకె తల పైన ఖాళీ చూసుకుని మీరే జరుపుకోండి, పైకీ కిందికీ బోలెడు జాగా ఉంది.

బాషా గారు 200 శాతం అన్నది పిక్సెళ్ల లెక్కలో నిజమే, మీకు అంత అవసరం లేదు. కానీ పిక్సెళ్లు మిగిలితే పని అయిపోదు. జూమ్ చేసినకొద్దీ నాయిస్ కూడా పెద్దదవుతుంది, ఫోకస్ కొంచెం జారి ఉంటే అదీ బయటపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, షాట్ సైజు మారిపోతుంది.

కెమెరా బాషా
నేను చెప్పింది కూడా అదే కదా మేడం, క్రాప్ చేయమనే.

పద్మజ_డీఐ
క్రాప్ చేయమనడంలో తేడా లేదండి. ఆ తర్వాత వచ్చేది చెప్తున్నాను. వంశీ, అమ్మాయి ఏ వైపు చూస్తోంది?

వంశీ_ఎడిట్స్
కుడి వైపు. నాన్న అటు కూర్చున్నాడు.

పద్మజ_డీఐ
అదే చూడండి. ముందు మొహం తెర వెడల్పులో 39 శాతం దగ్గర ఉండేది, చూపు ముందు జాగా బాగా ఉండేది. క్రాప్ చేశాక మొహం సుమారు 990 దగ్గరికి, అంటే నట్టనడిమికి వస్తుంది. చూపు ముందు జాగా తగ్గిపోతుంది. ఒక్క షాట్ వరకు తప్పేం కాదు. కానీ తర్వాత వచ్చే నాన్న షాట్ పాత సైజులోనే ఉంటే ఇద్దరూ వేరే వేరే గదుల్లో కూర్చున్నట్టుంటుంది. నాన్న షాట్ కూడా 4కేనే అయితే దానికీ 66 దగ్గర పెట్టి, ఆయన మొహాన్ని కూడా అంతే మధ్యకి తీసుకురండి. రెండూ ఒకేలా బిగిస్తే చూసేవాళ్లకి అది మీరు కావాలని పెట్టిన ఫ్రేమే అనిపిస్తుంది.

పాత రీలు
ఒక చిన్న మాట. ఇక్కడ అందరూ ప్యాచ్ ప్యాచ్ అంటున్నారు. ఖాళీ గోడని విడిగా తీసి పెట్టుకుని దాన్ని వేస్తే అది క్లీన్ ప్లేట్. అదే బొమ్మలో ఇంకో చోటి ముక్క తెచ్చి వేస్తే అది క్లోన్. రెండిటినీ కలిపేస్తే కొత్తవాళ్లు తికమకపడతారు.

నాని24
ఏదైనా కప్పడమే.

పాత రీలు
కాదు నానీ. క్లీన్ ప్లేట్ అడిగితే కెమెరా టీం ఆ రోజే గదిని ఖాళీగా పది సెకన్లు తీసి ఇవ్వాలి. క్లోన్ అయితే ఎడిటర్ దగ్గరే అయిపోతుంది. ఎవరిని ఏం అడగాలో తెలియాలి కదా. ఈ అబ్బాయి దగ్గర క్లీన్ ప్లేట్ లేదు. అమ్మాయి లేచి వెళ్లాక కెమెరా ఇంకా నడిచిందా అని ఎవరైనా అడిగారా?

పద్మజ_డీఐ
మంచి ప్రశ్న. కానీ అందులోనూ క్యాలెండర్ గోడ మీదే ఉంటుంది కదండీ, గోడ ఖాళీగా దొరకదు. మనిషి వెనక దాగిన దాన్ని తెచ్చుకోవడానికే అది పనికొస్తుంది.

పాత రీలు
అదీ నిజమే.

వంశీ_ఎడిట్స్
11 సెకన్ల దాకా సెట్ అయింది మేడం, చాలా బాగా వచ్చింది. ఇప్పుడు చివరి 3 సెకన్లు. ప్యాన్ అవుతున్నప్పుడు క్యాలెండర్ మధ్యలోకే వస్తుంది. క్రాప్ ఎలా చేసినా తప్పించుకోలేకపోతున్నాను. క్రాప్‌ని కూడా కీఫ్రేములతో జరిపితే ఎలా ఉంటుంది అని చూశాను, ఏదో తేడాగా ఉంది.

కెమెరా బాషా
అక్కడ క్యాలెండర్ మీద బ్లర్ పెట్టేయ్, 3 సెకన్లే కదా.

వంశీ_ఎడిట్స్
బ్లర్ కుదరదు అన్నా. కథ 1998లో జరుగుతుంది. అప్పటి ఇంట్లో బ్లర్ చేసిన క్యాలెండర్ ఏంటి, ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

పద్మజ_డీఐ
కథ 1998లో అన్నది మొదటి పోస్టులోనే రాయాల్సింది వంశీ. అసలు మీరు దాచాల్సింది ఏమిటన్నదే మారిపోయింది! క్యాలెండర్ అంతా పోవాలా, లేక అందులో 1998కి సరిపడని భాగం పోతే చాలా? 1998లో ఇంట్లో క్యాలెండర్ ఉండటం మంచిదే కదా. దాని మీద ఏమేం ఉన్నాయో రాయండి.

వంశీ_ఎడిట్స్
పైన లక్ష్మీదేవి. మధ్యలో నెల, తేదీలు, తిథులు. కింద తెల్ల పట్టీ మీద కంపెనీ పేరు, లోగో, పదంకెల సెల్ నంబరు, క్యూఆర్ కోడ్. నెల పేరు పక్కన 2026.

పాత రీలు
2026 అయితే మీ అదృష్టం. 1998 జనవరి 1 గురువారం, 2026 జనవరి 1 కూడా గురువారమే. రెండూ లీపు సంవత్సరాలు కావు. కాబట్టి ఏ నెల చూసినా తేదీలూ వారాలూ అచ్చంగా ఒకటే. తిథులూ పండగలూ కలవవు, ఎర్ర అంకెలు మారతాయి, కానీ 3 సెకన్లలో అవి ఎవరూ చదవరు. నంబరు మాత్రం తీసేయాలి. అప్పట్లో ఊళ్లలో షాపు క్యాలెండర్ మీద ల్యాండ్‌లైన్ నంబరు ఉండేది, పక్కన ఎస్‌టీడీ కోడ్. సెల్ ఫోన్లు దేశంలోకి 1995లోనే వచ్చినా మామూలు ఇళ్ల దాకా అప్పటికి రాలేదు. క్యూఆర్ కోడ్ అయితే చెప్పక్కర్లేదు.

పద్మజ_డీఐ
అయితే దాచాల్సింది కింది తెల్ల పట్టీ, పైన నాలుగంకెలు. అంతే. క్యాలెండర్ మొత్తం తీసేసి గోడ వేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు సులువు, ఎందుకంటే తెల్ల కాగితం మీద తెల్ల కాగితమే వేస్తున్నారు.

ముందు దానికన్నా తేలిక దారి ఒకటి చూడండి. అమ్మాయి లేవడం మొదలుపెట్టగానే నాన్న మొహానికి కట్ చేయగలరా? మాట, అడుగుల చప్పుడు ఆయన మీదుగా నడిపించేయొచ్చు.

వంశీ_ఎడిట్స్
నాన్న రియాక్షన్ ఉంది. కానీ ఆమె అలా లేచి వెళ్లిపోవడమే ఆ సీన్‌లో ముఖ్యం. అది కనిపించకపోతే సీన్ పోతుంది.

పద్మజ_డీఐ
అర్థమైంది, అయితే ఉంచండి. కీఫ్రేములతో క్రాప్ జరిపితే ఎందుకు తేడాగా ఉందో కూడా చెప్తాను. తిరుగుతున్న కెమెరా మీద మీరు ఇంకో కదలిక రుద్దుతున్నారు. ఆపరేటర్ చెయ్యి నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగుతుంది, మీ కీఫ్రేములు ఇంకో వేగంలో పోతాయి. రెండూ పేచీ పడతాయి. 66 దగ్గరే స్థిరంగా ఉంచండి, మొదటి భాగానికీ దీనికీ మధ్య సైజు మారకుండా.

ఇక పట్టీ. మొత్తం 75 ఫ్రేములు. ఆ భాగం మాత్రం కోసి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి పంపి, అందులోని మోకా అనే ట్రాకింగ్ ప్లగిన్‌తో ట్రాక్ చేయండి. క్యాలెండర్ పూర్తిగా, స్పష్టంగా, తల అడ్డం రాకుండా కనిపించే ఫ్రేము వెతకండి. అక్కడ క్యాలెండర్ అంచుల చుట్టూ గీసి, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ ట్రాక్ చేయండి. అమ్మాయి తల చుట్టూ ఇంకో ఆకారం గీసి దాని లేయర్‌ని పైన పెడితే ట్రాకర్ ఆ తలని లెక్కలోకి తీసుకోదు. లేకపోతే తల దాటేటప్పుడు క్యాలెండర్ ట్రాక్ కూడా ఆమెతో పాటు లాక్కుపోతుంది.

అదే స్పష్టమైన ఫ్రేములో పట్టీ మీది అక్షరాలు చెరిపి ఆ స్టిల్‌ని ట్రాక్‌కి అతికించండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కెమెరా తిరుగుతున్నప్పుడు చుట్టూ అంతా సాగినట్టు మసకగా ఉంటుంది, మీ స్టిల్ మాత్రం గీతల్లా ఉంటుంది. మోషన్ బ్లర్ ఆన్ చేసి షట్టర్ యాంగిల్ 180 పెట్టండి, 25 ఫ్రేములకి 1/50 అంటే అదే. ఆ తర్వాత `Match Grain` తో పక్క కాగితం నాయిస్ తెచ్చి వేయండి.

తల క్యాలెండర్ మీదుగా పోయే ఫ్రేముల్లో ప్యాచ్ తల మీదికి రాకుండా మాస్క్ చేయాలి. జుట్టు విరబోసుకుందా, జడ వేసుకుందా?

వంశీ_ఎడిట్స్
జడ. కానీ నుదుటి దగ్గర ముంగురులు ఉన్నాయి.

పద్మజ_డీఐ
ఆ ముంగురులు కింది పట్టీ ఎత్తుకి వస్తాయా, పైన దేవుడి బొమ్మ ఎత్తులో ఉంటాయా చూడండి. పైనే ఉంటే మీకు పనే లేదు, అక్కడ మీరు ఏమీ మార్చడం లేదు. పట్టీ ముందు నుంచి పోయేది భుజం అయితే సాఫీగా గీసేయొచ్చు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఏమీ మార్చకుండా ఆ 3 సెకన్లు పూర్తి తెర మీద మామూలు వేగంతో ఎవరికైనా చూపించి, గోడ మీద ఏం రాసుందని అడగండి. ప్యాన్ వేగానికి ఆ నంబరు ఎలాగూ చదవలేకపోవచ్చు. క్యూఆర్ కోడ్ నల్లచదరంగా తెలుస్తుంది కాబట్టి అదొక్కటి చెరిపితే సరిపోవచ్చు.

మూర్తి అడ్వకేట్
అయితే కంపెనీ పేరు ఉంచేస్తున్నారన్నమాట. నేను ముందే చెప్పాను, ఉంచొచ్చు.

కెమెరా బాషా
సార్, ఏ ఫెస్టివల్‌కి పంపుతున్నాడో వాళ్ల రూల్స్ చూడాలి. వాళ్లు లోగోలు వద్దంటే మీ సెక్షన్ అక్కడ పనికిరాదు.

మూర్తి అడ్వకేట్
అది ఒప్పందం విషయం, చట్టం విషయం కాదు. రెండూ వేరు. దాని గురించి విడిగా రాస్తాను.

శిరీష వంటిల్లు
పద్మజ గారూ, నూనె ప్యాకెట్‌కి కూడా ఈ మోకా ట్రాకింగే పనిచేస్తుందా?

పద్మజ_డీఐ
కష్టమండీ. క్యాలెండర్ చదునుగా ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. ప్యాకెట్ చేతిలో నలుగుతుంది, ముడతలు పడతాయి, మెరుస్తుంది. మీరు నూనె పోసేది ఎంతసేపు?

వంశీ_ఎడిట్స్
మా అక్కకి చూపించాను. పేరు చదవలేకపోయింది, నంబరు కూడా. క్యూఆర్ కోడ్ మాత్రం వెంటనే చెప్పింది. ముంగురులు పైనే ఉన్నాయి. 2026 ఆ దూరంలో తనకి ఆనలేదు, అయినా 9, 8 అంకెలు క్యాలెండర్‌లోనే దొరుకుతున్నాయి, పెట్టేస్తాను. థాంక్యూ మేడం, పాత రీలు గారికి కూడా. రెండర్ పెట్టాలి, వెళ్తున్నా.

పద్మజ_డీఐ
నాన్న షాట్ సైజు మార్చారా?

పాత రీలు
1998కి 1, 9, 9, 8 నాలుగూ కావాలి. ఒకే సైజు అక్షరాలవి చూసి తీసుకోండి, తేదీల అంకెలు నెల పక్కన అంకెల కన్నా లావుగా ఉంటాయి.

శిరీష వంటిల్లు
పోసేది నాలుగైదు సెకన్లే ఉంటుందండి.